మొదటి ఇరవై మూలకాలకు ప్రాస లైన్లు: ఎక్కడ విరవాలి?

పరీక్షల_పక్షి
అందరికీ నమస్కారం. మొదటి ఇరవై మూలకాలు నాకు పాటలా వచ్చేశాయి. నిద్రలో లేపి అడిగినా హైడ్రోజన్ నుంచి కాల్షియం దాకా గడగడా చెప్పేస్తాను. ఇబ్బందల్లా మధ్యలోంచి అడిగినప్పుడే. "పరమాణు సంఖ్య 16 ఉన్న మూలకం హైడ్రోజన్‌తో ఇచ్చే సమ్మేళనం ఫార్ములా రాయండి" అన్నారంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. పైగా ఫాస్ఫరస్ ముందా సల్ఫర్ ముందా అన్న చోట ప్రతిసారీ తడబాటే. నేను పాడుకునేది లైనుకు నాలుగు చొప్పున ఇలా:

హైడ్రోజన్, హీలియం, లిథియం, బెరీలియం
బోరాన్, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్
ఫ్లోరిన్, నియాన్, సోడియం, మెగ్నీషియం
అల్యూమినియం, సిలికాన్, ఫాస్ఫరస్, సల్ఫర్
క్లోరిన్, ఆర్గాన్, పొటాషియం, కాల్షియం

రివిజన్ టైములో దీన్నే రుద్దనా, లేక ఇంతకంటే పనికొచ్చే ప్రాస ఎవరి దగ్గరైనా ఉందా?

చమత్కారి
పేర్లు పేర్లుగా బట్టీ పట్టడం ఎందుకు భయ్యా, మొదటి అక్షరాలతో కథ కట్టేయ్. సోడియం నుంచి ఆర్గాన్ దాకా నేను కట్టింది చూడు:

సోము మెట్లెక్కె, అమ్ము సిగ్గుపడె
పాప సరదాగా క్లాసు ఆపె

సో, మె, అ, సి, పా, స, క్లా, ఆ. ఎనిమిదీ వచ్చేశాయి. ఇందులో తెలుగుకు ఒక లాభం కూడా ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో కడితే బెరీలియం, బోరాన్ రెండూ B కిందే పోతాయి, హైడ్రోజన్, హీలియం రెండూ H. మనకు బె వేరు, బో వేరు. హై వేరు, హీ వేరు. నై, ని కూడా కలవవు.

పరీక్షల_పక్షి
హహ్హ, పాప క్లాసు ఎందుకు ఆపిందో గానీ గుర్తుండిపోయేలా ఉంది. మొదటి లైను కూడా కట్టావా?

చమత్కారి
అక్కడే ఆగిపోయాను. ఫ్లోరిన్ దగ్గర 'ఫ్లో'తో మొదలయ్యే తెలుగు మాట ఒక్కటి దొరికితే చెప్పండి.

ల్యాబ్_కోటు
దొరకదు. అందుకే క్లోరిన్‌కి 'క్లా', ఫాస్ఫరస్‌కి 'పా' పెట్టుకుని సర్దుకున్నావు. పరీక్ష గదిలో 'పా' దగ్గర పొటాషియం తలుపు తడుతుంది చూసుకో. బె, బో వేరన్నమాట నిజమే గానీ కార్బన్, కాల్షియం రెండూ కా, ఆక్సిజన్, ఆర్గాన్ రెండూ ఆ. కథతో ఇంకో చిక్కు, రెండు మెట్లు దిగాలి. ముందు కథ గుర్తు రావాలి, తర్వాత దాన్ని మూలకంగా మార్చుకోవాలి. రెండో మెట్టు దగ్గరే జారిపోతారు.

నా ఉద్దేశంలో ఈ ఇరవైకి బయటి నుంచి ప్రాస తెచ్చి అతికించక్కర్లేదు, అది పేర్లలోనే ఉంది. వరసగా చదివి చివర్లు వినండి. ఎనిమిది పేర్లు 'యం'తో ఆగుతాయి, పది పేర్లు 'న్'తో ఆగుతాయి. మిగిలేవి రెండే, ఫాస్ఫరస్, సల్ఫర్. పక్షీ, నువ్వు తడబడుతున్నది సరిగ్గా ఆ రెండింటి దగ్గరే. చెవికి పట్టు దొరకని జంట అది.

అందుకని ఆ పేర్లనే తీసుకుని, విరుపు మాత్రం వేరే చోట పెడతాను:

హైడ్రోజన్, హీలియం
లిథియం, బెరీలియం, బోరాన్, కార్బన్
నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్, నియాన్
సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్
ఫాస్ఫరస్, సల్ఫర్, క్లోరిన్, ఆర్గాన్
పొటాషియం, కాల్షియం

పై లైను, కింది లైను 'యం'తో ముగుస్తాయి. మధ్య నాలుగూ కార్బన్, నియాన్, సిలికాన్, ఆర్గాన్ అని 'న్'తో ముగుస్తాయి. అంత్యప్రాస తనంతట తనే కుదిరింది, నేను ఒక్క మాటా కలపలేదు. హీలియం, నియాన్, ఆర్గాన్ మూడూ లైను చివర నిలబడ్డాయి చూడండి. అవి జడవాయువులు, అక్కడ పీరియడ్ ముగుస్తుంది. నీ పాటలో నియాన్ లైను మధ్యలో పడిపోయి, దాని వెనకే సోడియం ఊపిరి తీసుకోకుండా వచ్చేస్తోంది. నోటికి అక్కడ ఏదో ముగిసిందన్న సంగతే తెలియడం లేదు.

లెక్కల_లక్ష్మి
మాస్టారూ, చిన్న అభ్యంతరం. సంఖ్య పట్టుకోవడానికి పక్షి పాటే తేలిక. లైను చివర్లు 4, 8, 12, 16, 20. నాలుగో ఎక్కం వచ్చిన ఎవరైనా 13 అనగానే మూడు లైన్లు దాటి నాలుగో లైను మొదటిది అల్యూమినియం అని చెప్పేస్తారు. 16 అంటే నాలుగో లైను చివర, సల్ఫర్. మీ లైన్లలో చివర్లు 2, 6, 10, 14, 18, 20. దీన్ని గుర్తు పెట్టుకోవడానికి ఇంకో పాట కావాలి.

ల్యాబ్_కోటు
సంఖ్య మాత్రమే కావాలంటే మీ మాటే సరి, లక్ష్మిగారూ. కానీ పక్షిని అడిగింది ఫార్ములా. 16 అంటే సల్ఫర్ అని తెలిశాక కూడా దాని సంయోజకత ఎంతో తెలియాలి. నాలుగు చొప్పున విరిచిన పాట ఆ మాట చెప్పదు.

నా లైన్లకు చేతులు కూడా జతచేయండి. రెండు అరచేతులూ బల్ల మీద బోర్లించి, బొటనవేళ్లు మడిచేయండి. ఎనిమిది వేళ్లు మిగులుతాయి. ఎడమ చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి లిథియం, బెరీలియం, బోరాన్, కార్బన్. కార్బన్ ఎడమ చూపుడువేలి మీద పడుతుంది, అక్కడ లైను విరుగుతుంది. కుడి చూపుడువేలి నుంచి నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్, నియాన్. నియాన్ కుడి చిటికెన వేలు. మళ్లీ ఎడమ చిటికెనకి వచ్చి సోడియం. ఒకే వేలి మీద పడ్డ రెండూ ఒకే గ్రూపు. కార్బన్ కింద సిలికాన్, ఆక్సిజన్ కింద సల్ఫర్, ఫ్లోరిన్ కింద క్లోరిన్.

ఇప్పుడు 16 తీసుకుందాం. నియాన్ దాకా పది పోతే ఆరు మిగిలింది. ఆరో వేలు అంటే కుడి చేతి మధ్యవేలు. రెండో విడత పాటలో ఆ వేలి మీద సల్ఫర్ ఉంది. బయటి కర్పరంలో ఆరు ఎలక్ట్రాన్లు, ఎనిమిదికి రెండు తక్కువ. కాబట్టి హైడ్రోజన్‌తో H₂S. అదే వేలి మీద పైన ఉన్న ఆక్సిజన్ H₂O ఇస్తుందని ముందే తెలుసు కనక, రాసింది సరో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది.

వేళ్ల మీద సంయోజకత ఎడమ నుంచి 1, 2, 3, 4, ఆ తర్వాత దిగుతూ 3, 2, 1, 0. కుడి చేతి వైపు సరిచూసుకోవాలంటే CH₄ దాటాక NH₃, H₂O, HF. కింది విడతలో SiH₄, PH₃, H₂S, HCl. హైడ్రోజన్ల సంఖ్య ఎలా దిగుతోందో చూశారుగా.

కర్పూరం
మాస్టారు చెప్పిన దానికి కారణం సింపుల్. K కర్పరంలో 2, L లో 8, M లో 8 పడతాయి. నిండిపోగానే కొత్త లైను. అందుకే 2, 8, 8, 2.

ల్యాబ్_కోటు
మొదటి రెండూ సరే. M కర్పరం ఎనిమిదితో నిండదు కర్పూరంగారూ, అందులో 18 పడతాయి. ఆర్గాన్ దగ్గర M లో ఎనిమిదే ఉన్నా, తర్వాత వచ్చే ఎలక్ట్రాన్ 3d లోకి పోకుండా 4s లోకి పోతుంది. దాని శక్తి అక్కడ తక్కువ. అందుకే పొటాషియం 2, 8, 8, 1 అయింది, కాల్షియం 2, 8, 8, 2. ఇరవై దాటి 21 దగ్గర స్కాండియం రాగానే కొత్త ఎలక్ట్రాన్ వెనక్కి వెళ్లి M లోనే చేరుతుంది. "నిండింది కాబట్టి ఆగింది" అని రాస్తే ఈ ఇరవైలో ఎవరూ పట్టుకోరు గానీ పై తరగతిలో అడ్డం తిరుగుతుంది.

కర్పూరం
2n² సూత్రంలో n కి 3 వేస్తే 18 వస్తుంది కదా, నిజమే. మరి బయటి కర్పరంలో ఎనిమిదికి మించవు అన్న మాట?

ల్యాబ్_కోటు
అది బయటి కర్పరం గురించి, ఆ మాట సరైనదే. M కర్పరం బయటిదిగా ఉన్నంత సేపూ ఎనిమిది దాటదు. N లోకి రెండు చేరాక అది లోపలి కర్పరం అయిపోయింది, అప్పుడు పెరుగుతుంది.

స్పీడు_రైలు
క్రమమే తప్పు కదండీ? పొటాషియం అన్నిటికంటే ముందు రావాలి, తర్వాత సోడియం, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం. మా సార్ ఇలాగే రాయించారు.

లెక్కల_లక్ష్మి
అది లోహాల చర్యాశీలత శ్రేణి బాబూ, ఏ లోహం ఎంత చురుకో చెప్పేది. ఇక్కడ పరమాణు సంఖ్య వరస గురించి మాట్లాడుతున్నారు.

స్పీడు_రైలు
ఓ. దానికి కూడా ప్రాస ఉంటే పెట్టండి మరి.

పాప_వాళ్లమ్మ
మా అమ్మాయి చేత ఇవాళే మాస్టారి లైన్లు చెప్పించాను. ఒక విచిత్రం జరిగింది. చాలా వేగంగా, ఎక్కడా ఆగకుండా కాల్షియం దాకా వచ్చేసింది. నాకు రసాయన శాస్త్రం అంతగా రాదు గానీ, పాట ఇంత త్వరగా అయిపోయిందేమిటా అని అనుమానం వచ్చింది. మళ్లీ చెప్పమని పుస్తకం దగ్గర పెట్టుకుని చూస్తే "నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్, ఆర్గాన్, పొటాషియం, కాల్షియం" అంటోంది. మధ్యలో నియాన్ దగ్గర్నుంచి క్లోరిన్ దాకా మొత్తం మాయం. తప్పు చెప్పానని దానికి తెలియనే తెలియదు.

ల్యాబ్_కోటు
అమ్మా, చాలా మంచి విషయం పట్టారు. ప్రాస చేసే మేలు, కీడు రెండూ ఒక్క చోటే ఉంటాయి. ఫ్లోరిన్, క్లోరిన్ ఒకేలా వినిపిస్తాయి, రెండూ లైనులో మూడో స్థానంలోనే ఉన్నాయి, రెండింటి తర్వాతా 'న్'తో ముగిసే జడవాయువే. నాలుక ఒక లైనులోంచి ఇంకో లైనులోకి దూకడానికి ఇంతకంటే మంచి వంతెన దొరకదు. దూకితే ఫ్లోరిన్ దాకా తొమ్మిది, ఆ పైన మూడు, మొత్తం పన్నెండుకే పాట అయిపోతుంది. వేళ్లు కదిలిస్తూ చెప్పించినా ఇది పట్టుబడకపోవచ్చు, ఎందుకంటే ఆర్గాన్ కూడా అదే కుడి చిటికెన మీద పడుతుంది. సంఖ్య పలికితేనే బయటపడుతుంది.

ఇలాంటిదే ఇంకోటి 'యం'ల దగ్గర. బెరీలియం అనగానే అల్యూమినియం నోటికొస్తుంది కొందరికి, బోరాన్ ఎగిరిపోతుంది.

దూకుడు ఆపాలంటే నియాన్‌కి, సోడియానికి మధ్య ముడి వేయాలి. సంకేతాలే ముడి. నియాన్ Ne, దాని పక్కనే Na. "పదికి Ne, పక్కన Na" అని ఆ ఒక్క చోట సంకేతాలతో చెప్పించండి. సోడియానికి Na అన్నది కూడా దాంతోపాటే గుర్తుండిపోతుంది. ఈ ఇరవైలో పేరుకీ సంకేతానికీ పొంతన లేనివి రెండే, సోడియం, పొటాషియం. నేట్రియం, కాలియం అన్న లాటిన్ పేర్ల నుంచి Na, K వచ్చాయి.

పద్యప్రియ
ఇంతసేపూ వింటున్నాను. ఫాస్ఫరస్, సల్ఫర్ సంగతి ఎవరూ తేల్చలేదు. ఆ జంటకు అంత్యప్రాస లేదన్నారు గానీ, సంఖ్యతో కలిపి చదివితే యతి ఉందండీ:

పదిహేను ఫాస్ఫరసు
పదహారు సల్ఫరు

ప-కు ఫా యతిమైత్రి చెల్లుతుంది, చెవికి కూడా అతుకుతుంది. రెండో పాదంలో 'పదహారు', 'సల్ఫరు' రెండూ 'రు'తో ముగిశాయి. ఈ రెంటినీ తారుమారు చేసి "పదిహేను సల్ఫరు" అని చూడండి, ఎక్కడా పట్టు ఉండదు. తప్పు చెప్తే చెవి ఒప్పుకోదు. లైన్లన్నీ అలాగే ఉంచుకుని, ఆ ఒక్క చోట మాత్రం సంఖ్యతో పలికితే సరిపోతుంది.

పరీక్షల_పక్షి
ఇది అద్భుతం! రెండుసార్లు అనగానే అతుక్కుపోయింది.

ల్యాబ్_కోటు
నాకిది తట్టలేదు పద్యప్రియగారూ, రేపటి నుంచి నా పిల్లలకి ఇదే.

పాత_పలక
నేను తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. మాకు ఉదజని, నత్రజని, భాస్వరం, గంధకం. "భాస్వరం, గంధకం" అంటే రెండూ సున్నాతో ఆగేవి, తారుమారైనా తెలిసేది కాదు. ఇప్పటి పిల్లలకి పేరులోంచే సంకేతం దొరుకుతోంది, ఉదజనిలోంచి H ఎలా వస్తుందో మేము విడిగా నేర్చుకోవాల్సి వచ్చింది. ఒక అనుమానం. మేం పరమాణు భారం పెరిగే వరసలో గుర్తుపెట్టుకునేవాళ్లం. తడబడినప్పుడు భారం చూసి సరిదిద్దుకోవచ్చు కదా?

ల్యాబ్_కోటు
పద్దెనిమిది చోట్ల పనిచేస్తుంది గానీ ఒక్క చోట దెబ్బతీస్తుందండీ. ఆర్గాన్ పరమాణు భారం 39.95, పొటాషియం 39.10. భారం వరసలో పెడితే పొటాషియం ముందుకొచ్చి జడవాయువు స్థానంలో కూర్చుంటుంది, ఆర్గాన్ పోయి సోడియం కింద పడుతుంది. నీటిలో వేస్తే భగ్గుమనే లోహానికీ దేనితోనూ కలవని వాయువుకీ స్థానాలు మారిపోతాయి. 1913లో మోస్లే ఎక్స్‌రేలతో పరమాణు సంఖ్యను కొలిచాకే ఇది సరిగ్గా తేలింది. కాబట్టి చివరి మూడు పేర్లకి భారం మీద ఆధారపడొద్దు.

కర్పూరం
'యం'తో ముగిసేవన్నీ లోహాలు అని రాసుకోవచ్చా?

ల్యాబ్_కోటు
ఈ ఇరవై వరకూ దాదాపు అంతే, ఒక్క హీలియం తప్ప. ఇరవైలో లోహాలు ఏడు, ఏడూ 'యం'లే. 1868లో సూర్యకాంతిలో కనిపించిన పసుపు గీతను బట్టి హీలియానికి ఆ పేరు పెట్టారు. అప్పటికి దాన్ని ఎవరూ చేత్తో పట్టి చూసింది లేదు, ఏదో లోహమై ఉంటుందని ఆ తోక తగిలించారు. 1895లో రామ్సే భూమ్మీద దొరికించాక వాయువని తేలినా పేరు మారలేదు. వేళ్ల లెక్కకి కూడా హీలియం లొంగదు. బయటి కర్పరంలో రెండే ఎలక్ట్రాన్లు కనక బెరీలియం పక్కన కూర్చోవాలనిపిస్తుంది, కానీ దాని కర్పరం రెండుకే నిండిపోయింది, సంయోజకత 0. అందుకే మొదటి లైనుకి వేళ్లు వాడొద్దు, లిథియం నుంచి వాడండి.

లెక్కల_లక్ష్మి
వేళ్ల లెక్క సల్ఫర్‌కి 2 అంటోంది. SO₂, SO₃ ల్లో మరి? ఫాస్ఫరస్‌కి 3 అయితే PCl₅ ఎక్కడిది?

ల్యాబ్_కోటు
వేళ్లు చెప్పేది హైడ్రోజన్‌తో ఎంత అన్నదే. ఆక్సిజన్, క్లోరిన్‌లతో కలిసేటప్పుడు రెండో విడతలోని కుడిచేతి మూలకాలు ఇంకా పైకి పోగలవు. సల్ఫర్ ఆరు దాకా, ఫాస్ఫరస్ ఐదు దాకా. విశేషమేమిటంటే ఆ పై హద్దు కూడా వేలి సంఖ్యే. సల్ఫర్ ఆరో వేలు, ఫాస్ఫరస్ ఐదో వేలు. అదే వేళ్ల మీద పైన ఉన్న ఆక్సిజన్, నైట్రోజన్‌లు మాత్రం అంత దూరం పోవు, కాబట్టి ఆ సూత్రాన్ని మొదటి విడతకి పట్టుకెళ్లొద్దు.

లెక్కల_లక్ష్మి
మంచిది. అయినా నేను నా నాలుగో ఎక్కం వదలను. ఒక్క మార్కు ప్రశ్నల్లో "13వ మూలకం ఏది" అన్నవాడికి రెండు సెకన్లలో జవాబు కావాలి, పది తీసేసి వేళ్లు వెతకడం కాదు. రెండు పాటలూ నేర్చుకుంటే ఏం పోయింది?

పద్యప్రియ
రెండూ నేర్చుకుంటే రెండూ కలిసిపోతాయని నా భయం. ఒకే పేర్లు, ఒకే వరస, విరుపులు మాత్రం వేరు. పరీక్షలో నోటికి ఏ విరుపు వస్తుందో ఎవరు చెప్పగలరు?

లెక్కల_లక్ష్మి
నాకు కలవలేదు మరి.

చమత్కారి
నా సోము, అమ్ము, పాపలను అందరూ కలిసి వెళ్లగొట్టేశారన్నమాట. సరే, ఒక ప్రశ్న. సంగీతంలో సప్తస్వరాల్లాగా ప్రతి ఎనిమిదో మూలకం మొదటిదానిలా ఉంటుందని ఒకాయన అన్నాడని చదివాం. ఇక్కడ లిథియం నుంచి సోడియం తొమ్మిదోది కదా?

ల్యాబ్_కోటు
న్యూలాండ్స్ అష్టక సిద్ధాంతం, 1865. ఆయన కాలానికి నియాన్, ఆర్గాన్ ఎవరికీ తెలియవు. జడవాయువులు తీసేసి లెక్కపెట్టు, సోడియం ఎనిమిదోదే అవుతుంది. ఆ సిద్ధాంతం కాల్షియం దాకా చక్కగా నడిచి ఆ తర్వాత చెదిరిపోయింది. మన పాట కూడా ఇరవై దగ్గర ఆగడానికి కారణం అదే, అక్కడి దాకానే ఎనిమిదేసి లెక్క కుదురుతుంది.

పరీక్షల_పక్షి
అంటే 21 నుంచి 30 దాకా ఇదే పద్ధతిలో కట్టుకోలేమా మాస్టారూ? వచ్చే ఏడాదికి అవే కావాలి.

ల్యాబ్_కోటు
ప్రాస దొరుకుతుంది, వేళ్లు పనిచేయవు. స్కాండియం, టైటానియం, వెనేడియం, క్రోమియం అని నాలుగు 'యం'లు వరసగా పడ్డాయి, నోటికి హాయిగా ఉంటాయి. తర్వాత మాంగనీస్, ఐరన్, కోబాల్ట్, నికెల్, కాపర్, జింక్, వీటిలో ఏ రెండింటికీ చివర్లు కలవవు. పైగా ఎలక్ట్రాన్ లోపలి కర్పరంలో చేరుతుంది కాబట్టి వేలి సంఖ్యకీ సంయోజకతకీ సంబంధం తెగిపోతుంది. 24 క్రోమియం, 29 కాపర్ దగ్గర వరస ఇంకా వంకర పోతుంది, 4s లో రెండు ఉండాల్సిన చోట ఒకటే ఉంటుంది. ఆ రెండు చోట్లా పాట కాస్త ఆగేలా పద్యప్రియగారు ఏమన్నా కట్టగలరేమో.

పద్యప్రియ
మాంగనీస్ నుంచి జింక్ దాకా యతికి ఏమీ చిక్కడం లేదండీ, చూస్తున్నాను. ఇరవైనాలుగు, ఇరవైతొమ్మిది రెండూ 'ఇ'తోనే మొదలవుతాయి, క్రోమియం, కాపర్ రెండూ 'క'తో. సంఖ్యతో జత కుదరదు గానీ ఆ రెండూ ఒకదానికొకటి కుదురుతాయి. అంతవరకే వచ్చాను.